జవాబు ఇంకా తేలనప్పుడు, తేదీ చెప్పి టైమ్ తీసుకోవడం ఎలా?

"మా ఇన్‌వాయిస్ కస్టమర్ జీఎస్టీఆర్-2బీలో కనపడటం లేదట. పేమెంట్ ఆపేశామని మెయిల్ పెట్టారు. మా కన్సల్టెంట్ గారేమో రెండు రోజుల దాకా చూడలేనంటున్నారు. ఈలోగా వాళ్లకేం రాయాలి?"

చిన్న సంస్థల్లో అకౌంట్స్ చూసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చాలామంది ఈ పరిస్థితిలో రెండింట్లో ఒకటి చేస్తారు. జవాబు దొరికేదాకా ఏమీ రాయకుండా ఊరుకుంటారు, లేదా "చూసి చెప్తామండి" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. రెండింటికీ ఫలితం ఒక్కటే. మర్నాడు ఫోన్, ఆ మర్నాడు మళ్లీ ఫోన్, మూడో రోజు మీ యజమానికి ఫోన్. పూర్తి జవాబు ఏ రోజు, ఎన్ని గంటలకు ఇస్తారో చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. అదెలాగో ఈ జీఎస్టీ ఉదాహరణతోనే మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

మనం తీసుకునే కేసు

విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప బ్రాకెట్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్ అనుకోండి. మే 27న హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి సరుకు పంపింది. సరుకు విలువ 2,40,000 రూపాయలు. వేరే రాష్ట్రానికి వెళ్లింది కాబట్టి ఐజీఎస్టీ 18 శాతం, అంటే 43,200. మొత్తం 2,83,200. జూలై 6, సోమవారం ఉదయం 11 గంటలకు ఆ కంపెనీ అకౌంట్స్ మేడం నుంచి మెయిల్ వచ్చింది: "మీ మే ఇన్‌వాయిస్ మా జీఎస్టీఆర్-2బీలో లేదు. కారణం చెప్పండి. అప్పటిదాకా పేమెంట్ హోల్డ్‌లో పెట్టాం."

ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. అమ్మినవాళ్లు తమ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఇన్‌వాయిస్ చూపిస్తేనే అది కొన్నవాళ్ల 2బీలోకి, అంటే వాళ్లకు దొరికే క్రెడిట్‌ను జీఎస్టీ పోర్టల్ చూపే పట్టికలోకి వస్తుంది. 2బీలో లేకపోతే ఆ 43,200కు వాళ్లు క్రెడిట్ తీసుకోలేరు, అంటే తాము కట్టవలసిన పన్నులో దాన్ని తగ్గించుకోలేరు. మీకు రావలసిన డబ్బు ఆగితే మీకెంత టెన్షనో, క్రెడిట్ ఆగితే వాళ్లకూ అంతే. వాళ్లకు రాసే ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- వాళ్ల ప్రశ్న రాతపూర్వకంగా. ఫోన్‌లో అడిగి ఉంటే మీరే ఒక కాగితం మీద రాసుకోండి.
- ఆ ఇన్‌వాయిస్ కాపీ, ఈ-వే బిల్లు, సరుకు అందినట్టు వాళ్ల స్టోర్స్‌లో సంతకం పెట్టి ఇచ్చిన చలాన్.
- అసలు జవాబు ఎవరి దగ్గర ఉందో ఆ మనిషి ఫోన్ నంబర్. ఈ కేసులో రిటర్నులు వేసే కన్సల్టెంట్.
- క్యాలెండర్. సెలవులు, రిటర్నుల గడువులు గుర్తుపెట్టి ఉన్నదైతే మంచిది.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తెచ్చుకోండి

మెయిల్‌లో మూడు నాలుగు విషయాలు కలిసిపోయి ఉంటాయి. వాటిలో జవాబు ఇవ్వవలసిన ప్రశ్న ఏదో విడిగా రాసుకోండి. ఇక్కడ అది: "మే 27 నాటి ఇన్‌వాయిస్ మా 2బీలో ఎందుకు రాలేదు, ఎప్పుడు వస్తుంది?" పేమెంట్ హోల్డ్ అన్నది వాళ్లు మీకు చెప్పిన సమాచారం, ప్రశ్న కాదు. దాని గురించి ఈ రోజు వాదన పెట్టుకోవద్దు.

చూడండి, ఆ ఒక్క వాక్యంలోనే రెండు ప్రశ్నలున్నాయి. "ఎందుకు" అన్నదానికి జవాబు మీ చేతిలోనో, మీ కన్సల్టెంట్ చేతిలోనో ఉంటుంది. "ఎప్పుడు వస్తుంది" అన్నది పోర్టల్ మీద ఆధారపడి ఉంటుంది. ఈ తేడా నాలుగో మెట్టులో బాగా పనికొస్తుంది.

2. ఈ రోజే చెప్పగలిగింది వేరు చేయండి

మొత్తం జవాబు తెలియదంటే అసలేమీ తెలియదని కాదు. ఇన్‌వాయిస్ వేసింది మీరే, తేదీ తెలుసు. ఈ-వే బిల్లు ఉంది. ఇన్‌వాయిస్ మీద ఆ కంపెనీ జీఎస్టీ నంబర్ సరిగ్గా ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చి ఇప్పుడే చూడొచ్చు. 15 అక్షరాల నంబర్ అది. సున్నాకూ 'ఓ'కూ పొరపాటు పడటం మామూలే.

తెలియనిది ఏమిటో కూడా రాసుకోండి. ఇన్‌వాయిస్ 2బీలో రాకపోవడానికి సాధారణంగా ఉండే కారణాలు ఇవి: జీఎస్టీఆర్-1లో ఎక్కించడమే మరిచిపోయి ఉండొచ్చు. వేరే కంపెనీ నంబర్ మీద ఎక్కి ఉండొచ్చు. నంబర్ లేని మామూలు వినియోగదారుడి అమ్మకంగా పడి ఉండొచ్చు. రిటర్ను గడువు దాటాక వేస్తే, ఇన్‌వాయిస్ తర్వాతి నెల 2బీలోకి వెళ్లి ఉండొచ్చు. మీరు మూడు నెలలకు ఒకసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉండి, మధ్య నెలలో ఇన్‌వాయిస్‌లు అప్‌లోడ్ చేయకపోతే, అది త్రైమాసికం చివరి నెల 2బీలోనే కనపడుతుంది. వీటిలో ఏది నిజమో పోర్టల్‌లో చూడకుండా చెప్పలేరు.

జాగ్రత్త: ఇక్కడ ఊహించి రాయకండి. "మేం ఫైల్ చేశాం, మీరే సరిగ్గా చూసుకోండి" అని రాసి, తర్వాత తప్పు మీదని తేలితే ఆ తర్వాత మీరు రాసే ఏ మెయిల్‌నూ వాళ్లు నమ్మరు. అలాగే కంగారుపడి "తప్పు మాదేనండి, సారీ" అని కూడా ఇప్పుడే రాయకండి. వాళ్లు వేరే నెల 2బీ చూసి ఉండే అవకాశమూ ఉంది.

3. తేదీ ఇచ్చే ముందు, జవాబు ఉన్న మనిషిని అడగండి

ఇచ్చిన మాటలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కస్టమర్‌కు "బుధవారానికి చెప్తాం" అని రాసేసి, ఆ తర్వాత కన్సల్టెంట్‌కు ఫోన్ చేస్తారు. ఆయనేమో జీఎస్టీఆర్-1 గడువు వారంలో పీకల్లోతు పనిలో ఉంటారు. నెలవారీ రిటర్నులకు 11వ తేదీ గడువు కాబట్టి, 6 నుంచి 11 దాకా ఏ కన్సల్టెంట్ ఆఫీసులోనైనా ఇదే పరిస్థితి.

అందుకని ముందు ఆయనకు ఫోన్ చేయండి. "ఎప్పుడు చూస్తారు?" అని అడగకండి. దానికి "చూస్తాలెండి" అనే జవాబొస్తుంది. ఇలా అడగండి:

"సార్, మే నెల జీఎస్టీఆర్-1లో ఒక్క ఇన్‌వాయిస్ ఉందో లేదో చూడాలి. నంబర్ వాట్సాప్‌లో పెడుతున్నాను. బుధవారం సాయంత్రంలోపు చూడగలరా, గురువారం అవుతుందా? కస్టమర్‌కు నేను తేదీ రాసి ఇవ్వాలి సార్."

పని చిన్నదని తెలిసింది, రెండు రోజుల్లో ఒకటి ఎంచుకోమన్నారు, ఎందుకు తొందరో చెప్పారు. "బుధవారం సాయంత్రం చూసి పెడతాను" అన్నారనుకోండి. ఆ మాటను వెంటనే వాట్సాప్‌లో ఒక వాక్యంగా ఆయనకే పంపండి: "బుధవారం, 8వ తేదీ సాయంత్రం చూస్తానన్నారు సార్, థాంక్యూ."

ఆయన దొరకలేదా? అప్పుడు పూర్తి జవాబుకు తేదీ ఇవ్వకండి. ఏ రోజుకు ఖాయం చేస్తారో ఆ తేదీ ఇవ్వండి: "పూర్తి సమాధానం ఏ రోజు ఇవ్వగలమో రేపు, జూలై 7 మంగళవారం మధ్యాహ్నం 12 గంటల్లోపు రాస్తాను." ఇది కూడా కచ్చితమైన మాటే.

4. తేదీ లెక్క కట్టండి

తేదీకి రెండు హద్దులుంటాయి. ఒకటి, జవాబు మీ చేతికి వచ్చే రోజు. రెండోది, ఆ జవాబుతో అవతలివారికి ఇంకా ఉపయోగం ఉండే ఆఖరి రోజు. మీరిచ్చే తేదీ ఈ రెంటి మధ్య పడాలి.

మన కేసులో మొదటి హద్దు 8వ తేదీ, బుధవారం సాయంత్రం. మాట ఇచ్చినవాళ్లు ఒక రోజు ఆలస్యం చేయడం మామూలే కాబట్టి ఒక రోజు కలుపుకోండి. గురువారం అవుతుంది. వచ్చిన సమాచారాన్ని మీరు చదివి, కాగితాలతో పోల్చి, జవాబు రాయడానికి ఇంకో పూట పడుతుంది. అలా శుక్రవారం, 10వ తేదీకి వచ్చాం.

ఇప్పుడు రెండో హద్దు చూడండి. ఇన్‌వాయిస్ నిజంగానే మరిచిపోయి ఉంటే, దాన్ని జూన్ నెల జీఎస్టీఆర్-1లో కలపొచ్చు. ఆ రిటర్ను గడువు జూలై 11. అందులో కలిపితే జూలై 14న తయారయ్యే 2బీలో వాళ్లకు కనపడుతుంది. వాళ్లు క్రెడిట్ తీసుకుని పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీ. జూన్ నెల 3బీ వేయడానికి గడువు జూలై 20. అంటే 11 లోపు పని జరిగితే ఈ నెలలోనే క్రెడిట్ వస్తుంది, దాటితే ఒక నెల వెనక్కి పోతుంది. కాబట్టి 10వ తేదీ రెండు హద్దుల మధ్య సరిగ్గా సరిపోయింది. "నాలుగు రోజులు ఎక్కువే వేసుకుందాం" అనుకుని 13 సోమవారం అని రాస్తే, మీకు సౌకర్యంగా ఉంటుందేమో గానీ, ఆ రోజు మీరిచ్చే జవాబు వాళ్లకు కొరగాదు.

ఈ తేదీలు నెలవారీ రిటర్నులు వేసేవాళ్లవి. ప్రభుత్వం ఒక్కోసారి గడువు పొడిగిస్తుంది కాబట్టి మీ నెలకు పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

ఇక మొదటి మెట్టులో చెప్పిన తేడా గుర్తుందా? 10వ తేదీన మీరు ఇస్తామంటున్నది కారణం, దాన్ని సరిచేసే పద్ధతి. "10కి మీ 2బీలో వచ్చేస్తుంది" అని రాయకూడదు. 2బీ 14న గానీ తయారుకాదు. అది మీ చేతిలో లేదు. జవాబుకు తేదీ ఇవ్వండి, ఫలితానికి కాదు. ఫలితం తేదీ పూర్తి జవాబులో, అన్నీ తేలాక చెప్పొచ్చు.

రెండు హద్దులూ కలవకపోతే? కన్సల్టెంట్ 12 దాకా చూడలేనంటే, తేదీని బలవంతంగా ముందుకు జరపకండి. అవతలివారికి నిజం చెప్పండి: "మా వైపు నుంచి 13వ తేదీ కంటే ముందు చూడటం కుదరడం లేదు. దీనివల్ల మీకు ఈ నెల క్రెడిట్ తప్పే అవకాశం ఉందని తెలుసు." అది చదివాక వాళ్లు మీ యజమానితో మాట్లాడతారో, ఇంకో దారి వెతుకుతారో వాళ్ల ఇష్టం. ఆఖరి నిమిషంలో తెలియడం కంటే వాళ్లకు ఇదే మేలు.

5. మెసేజ్ రాయండి

ప్రశ్న వచ్చిన రోజే పంపాలి. మన కేసులో సోమవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపు. మర్నాటికి పోతే టైమ్ అడగడానికే టైమ్ తీసుకున్నట్టు ఉంటుంది. మెయిల్ ఇలా ఉండొచ్చు:

> మేడం గారికి నమస్కారం.
>
> మే 27 నాటి మా ఇన్‌వాయిస్ (రూ. 2,83,200) మీ జీఎస్టీఆర్-2బీలో కనపడటం లేదని ఈ ఉదయం మీరు రాసిన మెయిల్ అందింది.
>
> ఇన్‌వాయిస్ మీద మీ జీఎస్టీ నంబర్ సరిగ్గానే ఉందని చూసుకున్నాం. ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు కాపీలు జతచేశాను. మే నెల రిటర్నులో ఇది ఎలా నమోదైందో మా కన్సల్టెంట్ పోర్టల్‌లో చూసి చెప్పాలి.
>
> కారణం ఏమిటి, సరిచేయాల్సి ఉంటే ఎలా సరిచేస్తున్నాం అన్న పూర్తి సమాధానం జూలై 10, శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోపు నేనే మీకు మెయిల్ చేస్తాను. జూన్ జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ కాబట్టి దానికంటే ముందే తేల్చాలని ఈ తేదీ పెట్టుకున్నాం.
>
> మీరు చూసింది ఏ నెల 2బీనో ఒక్క లైన్ రాస్తే మాకు వెతకడం తేలికవుతుంది.

కింద మీ పేరు, ఫోన్ నంబర్. అంతే.

"నేనే మెయిల్ చేస్తాను" అన్న మాట కావాలనే పెట్టాను. "మా ఆఫీసు నుంచి తెలియజేయబడుతుంది" అంటే ఎవరు రాస్తారో తెలియదు. అప్పుడు వాళ్లు ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తారు. తేదీ ఎందుకు అదే పెట్టారో ఒక్క వాక్యంలో చెప్పడం కూడా అవసరమే. వాళ్ల గడువు మీకు గుర్తుందని అక్కడ తెలుస్తుంది. చివర అడిగిన చిన్న ప్రశ్న వల్ల ఇంకో లాభం ఉంది. వాళ్లు చూసింది ఏప్రిల్ 2బీ అని తేలితే సమస్య అక్కడితో తీరిపోతుంది.

పేమెంట్ సంగతి ఇందులో ఎత్తలేదు. "పన్ను వరకు ఆపి మిగతా 2,40,000 పంపండి" అని అడగడం తప్పు కాదు. కానీ కారణం చెప్పకముందే డబ్బు అడిగితే వాళ్ల ప్రశ్న పక్కకుపోయి బేరం మొదలవుతుంది. నా సలహా, ఆ మాట పూర్తి జవాబులో పెట్టండి.

ఫోన్‌లోనే అడిగారా? ఫోన్‌లోనే చెప్పి, పెట్టేశాక వాట్సాప్‌లో రాతగా పంపండి:

> మేడం, ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నట్టు, మే 27 ఇన్‌వాయిస్ 2బీలో ఎందుకు రాలేదో జూలై 10 శుక్రవారం సాయంత్రం 5లోపు నేను మీకు రాస్తానండి. ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు కాపీలు ఇదిగో.

6. పంపే ముందు పరీక్షించండి

విషయం తెలియని ఒకరికి, పక్క సీట్లో వాళ్లయినా సరే, ఆ మెసేజ్ చూపించి మూడు ప్రశ్నలు అడగండి. ఏ రోజు, ఎన్ని గంటల్లోపు? ఏం వస్తుంది? ఎవరు పంపుతారు? మూడింటికీ తడుముకోకుండా చెప్పగలిగితే పంపేయండి. ఒక్కదానికి ఆగినా అక్కడ తిరగరాయాలి.

తేదీ పక్కన వారం తప్పకుండా రాయండి, రెండూ క్యాలెండర్‌లో కలుస్తున్నాయో చూసుకోండి. "10వ తేదీ గురువారం" అని రాస్తే వాళ్లు గురువారమే ఎదురుచూస్తారు, మీరు శుక్రవారం అనుకుంటారు. "రేపు", "ఎల్లుండి" అని మాత్రం రాయకండి. ఆ మెసేజ్‌ను మేడం తన మేనేజర్‌కు మర్నాడు ఫార్వర్డ్ చేస్తే ఆ రేపు ఏ రేపో తెలియదు.

7. తేదీని మీ వైపు కట్టేయండి

మెయిల్ పంపిన వెంటనే ఫోన్‌లో రెండు రిమైండర్లు పెట్టుకోండి. ఒకటి బుధవారం సాయంత్రం 6కి, కన్సల్టెంట్ చూశారా అని అడగడానికి. రెండోది గురువారం సాయంత్రం 4కి, అన్నీ చేతికొచ్చాయా అని మీరే చూసుకోవడానికి. శుక్రవారం సాయంత్రానికి ఒక్క రిమైండరే పెట్టుకుంటే, అప్పుడు సమాచారం రాలేదని తెలిసినా చేయగలిగేది ఉండదు.

ఇలాంటివి నెలకు ఐదారు వస్తుంటే ఒక నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో నాలుగు కాలమ్‌లు పెట్టండి: ఎవరికి, దేని గురించి, ఏ తేదీ చెప్పాం, ఏ తేదీన పంపాం. మీరు సెలవు పెట్టినా ఇంకొకరు అది చూసి పంపగలరు.

8. చెప్పిన రోజున పూర్తి జవాబు ఇవ్వండి

బుధవారం రాత్రి కన్సల్టెంట్ చెప్పారు: మే నెల జీఎస్టీఆర్-1లో ఆ ఇన్‌వాయిస్ ఎక్కనే లేదు. జూన్ రిటర్నులో కలిపి వేస్తానన్నారు. ఆ అమ్మకం మే 3బీలో కూడా చూపించకపోతే, పన్నును ఆలస్యానికి వడ్డీతో కలిపి కట్టాలి. అది మీ లోపలి లెక్క, కస్టమర్‌కు రాయనక్కర్లేదు. జూన్ రిటర్ను శుక్రవారం మధ్యాహ్నం ఫైల్ అయింది. సాయంత్రం 4 గంటలకు ఇలా రాస్తారు:

> మేడం గారికి,
>
> జూలై 6న చెప్పినట్టు పూర్తి సమాధానం ఇది. మే 27 ఇన్‌వాయిస్ మా మే నెల జీఎస్టీఆర్-1లో నమోదు కాలేదు. పొరపాటు మాది, క్షమించాలి. దాన్ని జూన్ జీఎస్టీఆర్-1లో చేర్చి ఈ రోజు ఫైల్ చేశాం. ఆ వివరం, ఫైలింగ్ రసీదు జతచేశాను.
>
> జూలై 14న తయారయ్యే మీ జూన్ 2బీలో ఇది కనపడాలి. మీరు చూసి, కనపడకపోతే నాకు చెప్పండి. జూలై 15 బుధవారం ఉదయం నేనూ ఫోన్ చేసి కనుక్కుంటాను.
>
> 2బీలో కనపడిన తర్వాత పేమెంట్ ఎప్పుడు విడుదల చేయగలరో దయచేసి తెలియజేయండి.

ఇప్పుడు డబ్బు అడిగే తేదీ కూడా మీకు దొరికింది. ఫైలింగ్ రసీదు చేతికి వచ్చాకే "ఫైల్ చేశాం" అని రాయాలన్నది మాత్రం మరవద్దు. "చేసేస్తారు" అన్న మాట మీద ఆ వాక్యం రాయకూడదు.

చెప్పిన తేదీకి అందదని తెలిస్తే

గురువారం సాయంత్రం కూడా కన్సల్టెంట్ చూడలేదనుకోండి. శుక్రవారం 5 దాటేదాకా ఆగకండి. గురువారమే రాయండి. ఇప్పటిదాకా తెలిసింది ఏమిటి, ఏది ఆగింది, కొత్త తేదీ ఏది అన్న మూడూ ఉండాలి:

> మేడం, రేపు సాయంత్రానికి ఇస్తానన్న సమాధానం కన్సల్టెంట్ దగ్గర ఇంకా రాలేదు. నేనే రేపు ఉదయం 10కి వాళ్ల ఆఫీసుకు వెళ్తున్నాను. జూలై 11 శనివారం మధ్యాహ్నం 1లోపు మీకు ఖాయంగా రాస్తాను. ఆలస్యానికి క్షమించండి.

తేదీ మార్చడం ఒక్కసారే. రెండోసారి మార్చవలసి వస్తే మెయిల్ చాలదు. మీరో, మీ యజమానో ఫోన్ చేసి మాట్లాడాలి. కొత్త తేదీ ఇచ్చేటప్పుడు ఎక్కడ తేడా జరుగుతుందంటే, మొహమాటంతో మళ్లీ దగ్గరి తేదీయే ఇస్తారు. మొదటిసారి ఎందుకు తప్పిందో ఆ కారణం తీరిందా అని చూసి ఇవ్వండి. పై మెసేజ్‌లో "నేనే వెళ్తున్నాను" అన్న మాట లేకపోతే శనివారాన్ని నమ్మడానికి వాళ్లకేం ఆధారం ఉంటుంది?

ఎక్కువగా కనపడే పొరపాట్లు

"నాలుగైదు రోజుల్లో" అని రాయడం. మనం ఐదూ ఆరూ అనుకుంటాం, వాళ్లు నాలుగో రోజు ఉదయమే ఫోన్ చేస్తారు. "వీలైనంత త్వరగా", "వచ్చే వారం", "కనుక్కుని చెప్తాం" కూడా ఇంతే. వీటిని తీసేసి తేదీ పెట్టండి.

వాళ్లను శాంతపరచడానికి మరీ దగ్గరి తేదీ ఇవ్వడం. ఎదుటివాళ్లు కోపంగా ఉంటే "రేపే చెప్తామండి" అని నోటికొచ్చేస్తుంది. కోపంగా ఉన్నవాళ్ల దగ్గర తప్పిన తేదీ ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది కాబట్టి, అక్కడే మూడో మెట్టు వదలకూడదు.

జవాబు ఉండి కూడా టైమ్ అడగడం. పోర్టల్‌లోకి మీరే లాగిన్ అయి పది నిమిషాల్లో చూడగలిగితే ఈ మెసేజ్ అనవసరం, చూసి చెప్పేయండి.

జవాబు ముందే వచ్చినా చెప్పిన తేదీ దాకా దాచుకోవడం. గురువారం ఉదయమే తేలిపోతే గురువారమే పంపండి. "5 గంటల్లోపు" అన్నది ఆఖరి గడువే.

పని చేసిందని ఎలా తెలుస్తుంది?

మెసేజ్ పంపాక, చెప్పిన రోజు దాకా అదే విషయం మీద మళ్లీ ఫోన్ రాకపోతే బాగా రాశారన్నమాట. మధ్యలో ఫోన్ వస్తే విసుక్కోకుండా, వాళ్లు ఏం అడుగుతున్నారో వినండి. "ఎప్పుడు చెప్తారు?" అంటే తేదీ సరిగ్గా కనపడలేదు, దాన్ని విడిగా ఒక లైన్‌లో పెట్టాల్సింది. "అసలు ఏం చూస్తున్నారు?" అంటే ఏది తేలాల్సి ఉందో రాయడం మరిచారు. "ఈ నెల క్రెడిట్ పోతుందేమో" అంటే వాళ్ల గడువును మీరు లెక్కలోకి తీసుకోలేదు. మూడూ వేర్వేరు లోపాలు, వేర్వేరు చోట్ల దిద్దుకోవాలి.

ఈ పద్ధతి చెల్లని చోట్లు

ఇదంతా కస్టమర్లు, సప్లయర్లు, తోటి ఉద్యోగుల మధ్య చెల్లుతుంది. చట్టం గడువు పెట్టిన చోట మీరు ఇచ్చిన తేదీకి విలువ లేదు. చెక్ బౌన్స్ నోటీసు అందితే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. "పూర్తి సమాధానం 20వ రోజున ఇస్తాం" అని రాసినా ఆ 15 రోజులు ఆగవు. అలాంటి నోటీసు వస్తే ఆ రోజే లాయర్‌ను కలవండి.

జీఎస్టీ శాఖ నుంచే నోటీసు వస్తే, అధికారికి మెయిల్ పెట్టి "ఫలానా తేదీకి ఇస్తాం" అని ఊరుకోవద్దు. గడువు కావాలని కారణంతో అడగాలి, అధికారి ఒప్పుకోవాలి, ఒప్పుకున్నట్టు రాతలో ఉండాలి. నోటీసులో ఇచ్చిన తేదీ దాటకముందే, ఆ నోటీసు పోర్టల్‌లో ఎక్కడ వచ్చిందో అక్కడి నుంచే అడగడం మంచిది. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 75(5) ప్రకారం ఒక కేసు విచారణలో ఒకరికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వరు. కాబట్టి మొదటిసారే, పైన నాలుగో మెట్టులో కట్టినట్టు లెక్క కట్టి, కాగితాలన్నీ నిజంగా చేతికొచ్చే తేదీ అడగండి.